అతుకుల బొంత

పదేళ్ళ కిందట నా నవలని ఒక సమీక్షకుడు "అతుకుల బొంత" అని ఒక్క మాటలో కొట్టిపారేశాడు. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. ఈమధ్య ఇంగ్లీష్ పేపర్ పీసింగ్ నేర్చుకుంటుంటే, ఆయన జీవితంలో ఒక్క అతుకైనా వేసి ఉండడని నమ్మకం కుదిరింది.

అంగుళం భుజం ఉన్న షడ్భుజిని గట్టి కాగితంతో కత్తిరించాలి. చుట్టూ పావు అంగుళం ఎక్కువుండేలా గుడ్డ కోసి, అంచులు కాగితం మీదకి మడిచి కచ్చాకుట్టు వెయ్యాలి. కాగితం ఎందుకంటే, షడ్భుజిలో రెండు అంచులు నేత వెంట నిలిచినా మిగతా నాలుగూ ఏటవాలుగా పడతాయి. ఏటవాలు గుడ్డ లాగితే సాగిపోతుంది. కాగితం దాన్ని సాగనివ్వదు.

తర్వాత రెండు ముక్కల్ని మొహాలు కలిపి పట్టుకుని, మడతల్లోంచి రెండు మూడు నూలు పోగుల్నే అందుకుంటూ అంచు మీదుగా దారం చుట్టుకుంటూ పోవాలి. విప్ స్టిచ్ అంటే ఇదే. సూది కాగితంలో దిగితే చేతికే తెలుస్తుంది, బిగుసుకుంటుంది. అలా కుట్టేస్తే చివర్లో కాగితం ఊడి రాదు. ఒక ముక్కకి ఆరు వైపులా పొరుగులు కలిశాకే దాని కాగితం తియ్యాలి.

నా మొదటి పువ్వు మధ్య ముక్క చుట్టూ అయిదు రేకులు బాగానే కూర్చున్నాయి. ఆరోది పట్టలేదు. పట్టుబట్టి కుడితే పువ్వు గిన్నెలా లేచింది. తప్పు ఆరో రేకుది కాదు. పెళ్ళికార్డుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి గీసుకుని కత్తిరించాను, ప్రతిదీ వెంట్రుకవాసి పెరిగింది. అన్నిటికీ ఒకే మూల అచ్చు వాడాల్సింది.

రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్‌లోని చాంగీ జైల్లో బందీలైన గర్ల్ గైడ్ పిల్లలు షడ్భుజులతో ఒక బొంత కుట్టారు. తమ గైడ్ నాయకురాలు ఎలిజబెత్ ఎన్నిస్‌కి పుట్టినరోజు కానుకగా, ఆమెకి తెలియకుండా. పాతబట్టల ముక్కలు, పాతబట్టల్లోంచి లాగిన దారం. పేర్లు కుట్టుకున్నారు. ఇప్పుడది ఇంపీరియల్ వార్ మ్యూజియం సేకరణలో ఉంది. ఆ రూపాన్ని అందంకోసమే ఎంచుకున్నారని నేననుకోను. షడ్భుజి అరచేతిలో దాగుతుంది. ఎవరి ముక్క వాళ్ళు విడిగా కుట్టి, తర్వాత కలపొచ్చు. కాపలా మధ్య, ఆకలి మధ్య అంతకన్నా పెద్ద పని సాగదు. ఆ రూపం ఆ జీవితంలోంచే వచ్చింది.

నా నవల కూడా పిల్లలు నిద్రపోయాక, అన్నం ఉడికేలోపు ముక్కలుగానే రాశాను. సమీక్షకుడు చూసింది ముక్కల్ని. అతుకు ఎక్కడ విడిపోయిందో చూపించి ఉంటే కృతజ్ఞత చెప్పేదాన్ని. మూడో అధ్యాయం నిజంగానే గిన్నెలా లేచింది, నాకు తెలుసు.

నిన్న రాత్రి ఆ పువ్వు విప్పేశాను. కొత్త కాగితాలు ఒకే అచ్చుతో కత్తిరించుకున్నాను. నాలుగు రేకులయ్యాయి.