ఒకే కబురు రెండుసార్లు

ఆన్‌లైన్ దుకాణంలో కొనుగోలుదారు యూపీఐ ద్వారా డబ్బు చెల్లించినప్పుడు ఆ సంగతి దుకాణం సర్వర్‌కు తెలిసే దారులు ప్రధానంగా రెండు. చెల్లింపు ముగిశాక కొనుగోలుదారు ఫోన్ తిరిగి దుకాణం పేజీకి రావడం మొదటిది. అయితే ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయినా, కొనుగోలుదారు యూపీఐ యాప్ నుంచి వెనక్కి రాకుండా అక్కడే ఆగిపోయినా ఆ దారి తెగిపోతుంది. దుకాణం ముందుగా నమోదు చేసిన చిరునామాకు పేమెంట్ గేట్‌వే తన సర్వర్ నుంచే నేరుగా ఒక సందేశం పంపి, ఫలానా ఆర్డరుకు డబ్బు అందిందని తెలియజేయడం రెండోది. దీనినే వెబ్‌హుక్ అంటారు. మొదటి దారిని నమ్ముకోవడానికి వీల్లేదు కనుక ఆర్డరు స్థితిని మార్చే భారం చాలాచోట్ల వెబ్‌హుక్ మీదే పడుతుంది. ఆ కబురు ఒక్కోసారి రెండుసార్లు వస్తుందన్నది గేట్‌వేలు తమ పత్రాల్లో దాచకుండా రాసిన విషయమే అయినా, కోడ్ రాసేవారిలో చాలామంది దానిని అరుదుగా జరిగే పొరపాటుగానే లెక్కవేస్తారు. నిజానికి అది పొరపాటు కాదు, గేట్‌వే తెలిసి చేసిన ఎంపిక.

భారతదేశంలో విస్తృతంగా వాడే రేజర్‌పే సంగతే చూస్తే, వెబ్‌హుక్ పంపాక 5 సెకన్లలోగా దుకాణం సర్వర్ నుంచి 200 వంటి విజయ సంకేతం రాకపోతే అది ఆ ప్రయత్నాన్ని విఫలమైనట్టుగా భావించి, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య విరామం పెంచుకుంటూ 24 గంటల పాటు మళ్లీ మళ్లీ పంపుతుంది. సమాధానం రాకపోవడానికి కారణాలు అనేకం: సందేశం దారిలోనే పోయి ఉండవచ్చు, దుకాణం సర్వర్ అందుకుని పని మధ్యలో కూలిపోయి ఉండవచ్చు, లేదా పని అంతా సవ్యంగా ముగించి పంపిన సమాధానమే నెట్‌వర్క్‌లో పోయి ఉండవచ్చు. గేట్‌వే ఉన్నచోటు నుంచి చూస్తే ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఒకప్పటి రిజిస్టర్డ్ పోస్టుకు రావలసిన అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగి రాకపోతే, ఉత్తరం చేరలేదో కార్డు చేరలేదో పంపినవారికి తెలియకపోవడం వంటిదే ఇది. నమ్మకం లేని మార్గంలో సందేశాలు మార్చుకునే రెండు పక్షాలు ఎన్నిసార్లు రసీదులు పంపుకున్నా పూర్తి నిశ్చయానికి రాలేవన్న ఈ చిక్కు కంప్యూటర్ శాస్త్రంలో 1970ల నుంచే ఇద్దరు సేనాపతుల సమస్యగా తెలిసినది. కనుక గేట్‌వే ముందు ఉన్నవి రెండే మార్గాలు: ఒక్కసారి మాత్రమే పంపి కొన్ని కబుర్లు పోవడానికి సిద్ధపడటం, లేదా సమాధానం వచ్చేదాకా పంపుతూ కొన్ని కబుర్లు రెండుసార్లు చేరడానికి సిద్ధపడటం. డబ్బు తీసుకున్న ఆర్డరు కదలకుండా ఉండిపోవడం కంటే రెండోసారి చెప్పడమే మేలు కనుక గేట్‌వేలు రెండో మార్గాన్నే పట్టాయి. అది సరైన నిర్ణయం కూడా.

ఒక చేనేత చీరల దుకాణాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. 4172 సంఖ్య గల ఆర్డరుకు 2,400 రూపాయలు చెల్లింపు జరిగింది. గేట్‌వే లెక్క పైసల్లో ఉంటుంది కనుక సందేశంలో ఆ మొత్తం 240000గా వచ్చింది. ఆ రకం చీరలు నిల్వలో మూడు ఉన్నాయి. సందేశం అందుకున్న కోడ్ వరుసగా సంతకం సరిచూసి, ఆర్డరును చెల్లించినదిగా మార్చి, నిల్వలో ఒకటి తగ్గించి, ఇన్‌వాయిస్ తయారుచేసి, కొనుగోలుదారుకు ఎస్ఎంఎస్ పంపి, ఆ తర్వాతనే 200 అని బదులిస్తుంది. ఆ సమయంలో ఎస్ఎంఎస్ సేవ నెమ్మదించి ఒక్కో సందేశానికి 8 సెకన్లు తీసుకుంటోంది. ఐదో సెకనుకే గేట్‌వే ఆశ వదులుకుని, కొంతసేపటికి అదే సందేశం మళ్లీ పంపింది. ఈలోగా ఎస్ఎంఎస్ సేవ కోలుకోవడంతో ఈసారి బదులు సమయానికే వెళ్లింది గాని, కోడ్ మళ్లీ అదే పని చేసింది. కొనుగోలుదారుకు రెండు ఎస్ఎంఎస్‌లు వెళ్లాయి, ఒకే కొనుగోలుకు రెండు ఇన్‌వాయిస్ సంఖ్యలు పుట్టాయి, అమ్మింది ఒకటే అయినా లెక్కలో చీర ఒక్కటే మిగిలింది. అల్మారాలో రెండు చీరలు కళ్లెదుట ఉండగా వెబ్‌సైట్ త్వరలోనే నిల్వ లేదని చెప్పడం మొదలుపెడుతుంది. ఇటువంటి తేడా కనిపించినప్పుడు అందిన సందేశాల లాగ్ తెరిచి, హెడర్‌లోని `x-razorpay-event-id` విలువ రెండుచోట్ల ఒకటిగా ఉందేమో చూస్తే విషయం తేలిపోతుంది.

సంతకాన్ని సరిచూస్తున్నాం కదా అన్న భరోసా ఇక్కడ పనికిరాదు. సందేశం గేట్‌వే నుంచే వచ్చిందనీ, దారిలో ఎవరూ మార్చలేదనీ మాత్రమే సంతకం చెబుతుంది. రెండో ప్రతి కూడా గేట్‌వే నుంచే, అదే పాఠంతో వస్తుంది కనుక దాని సంతకం కూడా నూటికి నూరుపాళ్లు సరైనదే.

ఒక పనిని ఒకసారి చేసినా పదిసార్లు చేసినా చివరి ఫలితం ఒకటిగానే ఉంటే ఆ పనిని ఐడెంపొటెంట్ అంటారు. ఆర్డరు స్థితిని చెల్లించినదిగా రాయడం స్వతహాగానే అటువంటిది. నిల్వలో ఒకటి తగ్గించడం అటువంటిది కాదు. దానిని కూడా అలా మలచడానికి అందరికీ ముందుగా తట్టే ఉపాయం, ఈ సందేశం ఇదివరకు వచ్చిందా అని డేటాబేస్‌ను అడిగి, రాలేదంటేనే పని మొదలుపెట్టడం. ఇది చాలాసార్లు పనిచేస్తుంది, అందుకే ప్రమాదకరం. సర్వర్‌లో ఒకేసారి పనిచేసే ప్రాసెస్‌లు అనేకం ఉంటాయి. మొదటి ప్రతి ఇంకా ఒక ప్రాసెస్‌లో నలుగుతుండగానే రెండో ప్రతి మరొక ప్రాసెస్‌కు చేరితే, రెండూ ఒకే ప్రశ్న అడుగుతాయి, రెంటికీ రాలేదన్న సమాధానమే దొరుకుతుంది, రెండూ నిల్వ తగ్గిస్తాయి. అడగడానికీ రాయడానికీ మధ్య సందు ఉన్నంతవరకు కోడ్‌లో ఎన్ని షరతులు పెట్టినా ఈ ముప్పు తొలగదు. ఆ రెంటినీ ఒకే పనిగా చేయగల చోటు డేటాబేస్ మాత్రమే. పోస్ట్‌గ్రెస్‌లో దాని రూపం ఇది:

```sql
BEGIN;
INSERT INTO webhook_events (event_id)
VALUES (:event_id)
ON CONFLICT (event_id) DO NOTHING;

UPDATE orders
SET status = 'paid', payment_id = :payment_id
WHERE id = 4172 AND status = 'pending';
-- ఒక వరుస మారితేనే: నిల్వ తగ్గింపు, ఇన్‌వాయిస్ సంఖ్య, outbox నమోదు
COMMIT;
```

మొదటి వాక్యం పనిచేయాలంటే `event_id` మీద ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న యూనిక్ నిబంధన ఉండాలి. అప్పుడు రెండు ప్రతులు ఒకే క్షణంలో వచ్చినా ఒకటి చోటు సంపాదిస్తుంది; రెండోది, మొదటి ట్రాన్సాక్షన్ ముగిసేదాకా ఆగి, అది ఖాయమైతే తాను ఏమీ రాయకుండా తప్పుకుంటుంది, రద్దయితే తానే ఆ చోటు తీసుకుని పని కొనసాగిస్తుంది. చొప్పించిన వరుసల సంఖ్య సున్నా అని తేలితే మిగతా పనిని వదిలేసి 200 అని బదులివ్వాలి. పాత కబురే కదా అని తప్పు సంకేతం పంపితే గేట్‌వే మళ్లీ పంపుతూనే ఉంటుంది.

సందేశం నమోదు, ఆర్డరు మార్పు, నిల్వ తగ్గింపు మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉండటం ఈ పద్ధతికి ప్రాణం. నమోదును విడిగా ముందే ఖాయం చేసి, ఆ తర్వాత ఆర్డరును మార్చేలోపు ప్రాసెస్ కూలిపోతే, గేట్‌వే బాధ్యతగా పంపిన రెండో ప్రతిని కోడ్ పాత కబురుగా ఎంచి తోసిపుచ్చుతుంది. డబ్బు అందిన ఆర్డరు ఎప్పటికీ పెండింగ్‌లోనే మిగిలిపోతుంది. రెండుసార్లు జరగకూడదన్న జాగ్రత్త అసలు జరగకుండా చేసిందన్నమాట, అది మొదటి తప్పు కంటే పెద్దది. ఏదీ భద్రపరచకుండా ముందు 200 అని చెప్పి, పనిని మెమరీలో మాత్రమే ఉంచుకోవడంలోనూ ఇదే ప్రమాదం ఉంది.

సందేశపు గుర్తింపు సంఖ్య ఒక్కటే కాపలాగా చాలుతుందనుకోవడం కూడా తొందరపాటే. రేజర్‌పేలో ఒక ఆర్డరుకు డబ్బు జమ అయినప్పుడు `payment.captured`, `order.paid` అనే రెండు సందేశాలు పుడతాయి. దుకాణం రెంటికీ నమోదు చేసుకుని, రెంటినీ ఒకే కోడ్‌కు అప్పగిస్తే, అవి వేర్వేరు గుర్తింపు సంఖ్యలతో వస్తాయి కనుక మొదటి వాక్యం రెంటినీ లోపలికి రానిస్తుంది. ఒకే సంగతికి రెండు వేర్వేరు ఈవెంట్లు పుట్టే అవకాశం ఉందని స్ట్రైప్ పత్రాలు కూడా హెచ్చరిస్తాయి. అందుకే అసలు కాపలా రెండో వాక్యంలో ఉంది. ఆర్డరు పెండింగ్‌లో ఉంటేనే మారాలన్న షరతు మార్పులోనే ఇమిడి ఉండటం వల్ల, రెండో ట్రాన్సాక్షన్ మొదటిదాని కోసం ఆగి, షరతును తిరిగి చూసుకుని, ఏ వరుసనూ మార్చకుండా ముగుస్తుంది. నిల్వ తగ్గింపును ఈ మార్పు ఫలితానికే ముడివేయాలి.

ఇక్కడ చాలా కోడ్‌లు ఆగిపోతాయి గాని, ఆగకూడని చోటు ఇదే. కొత్త సందేశమే అయినా వరుస మారలేదంటే దానికి మూడు అర్థాలు ఉండవచ్చు. ఆర్డరులో ఇప్పటికే ఉన్న `payment_id`, సందేశంలోనిది ఒకటే అయితే అది నిజంగా పాత సంగతే, వదిలేయవచ్చు. రెండూ వేరైతే కొనుగోలుదారు, మొదటి చెల్లింపు ఆగిపోయిందనుకుని, రెండోసారి కూడా డబ్బు కట్టి ఉంటారు; దీనిని నకలుగా కొట్టిపారేస్తే వారి 2,400 రూపాయలు దుకాణం ఖాతాలో నిశ్శబ్దంగా ఉండిపోతాయి, కనుక రీఫండ్ వరుసలో చేర్చాలి. గడువు దాటిందని ఆర్డరును దుకాణమే రద్దు చేశాక డబ్బు ఆలస్యంగా చేరి ఉంటే, సరుకు పంపాలో డబ్బు తిరిగివ్వాలో మనిషి తేల్చాలి. నకళ్లను ఆపడమంటే కళ్లు మూసుకుని తోసిపుచ్చడం కాదని ఈ మూడింటి మధ్య తేడాయే చూపుతుంది.

సందేశాలు పుట్టిన వరుసలోనే చేరతాయన్న హామీ కూడా లేదు. మొదటి ప్రయత్నం విఫలమైందన్న `payment.failed`, రెండో ప్రయత్నం ఫలించిందన్న కబురు తర్వాత చేరవచ్చు. విఫలమైన ప్రయత్నాన్ని ప్రయత్నాల పట్టికలో రాసుకుని, ఆర్డరు స్థితిని తాకకుండా ఉంటే ఈ చిక్కు తలెత్తదు.

ఎస్ఎంఎస్, ఇన్‌వాయిస్ ఫైలు వంటి బయటి పనులను డేటాబేస్ ట్రాన్సాక్షన్ వెనక్కి తీసుకోలేదు కనుక వాటిని అక్కడే చేయకుండా, చేయవలసిన పనుల పట్టికగా ఉంచే `outbox`లో ఒక్కో వరుసగా రాసి, వేరొక ప్రాసెస్ వాటిని తీసుకుని పూర్తిచేసేలా చూడాలి. దీనివల్ల గేట్‌వేకు ఇచ్చే బదులు 5 సెకన్ల గడువులో సులువుగా ఇమిడిపోతుంది. అయినా ఆ ప్రాసెస్ ఎస్ఎంఎస్ పంపి, పంపినట్టు రాసుకునేలోపు కూలిపోతే అదే ఎస్ఎంఎస్ మళ్లీ వెళుతుంది. ఇద్దరు సేనాపతుల సమస్య ఇక్కడ దుకాణానికీ ఎస్ఎంఎస్ సేవకూ మధ్యకు జరిగింది, అంతే. ఇన్‌వాయిస్ సంఖ్యను మాత్రం ట్రాన్సాక్షన్ లోపలే కేటాయించాలి, ఎందుకంటే అదనపు ఎస్ఎంఎస్‌ను కొనుగోలుదారు సహించగలరు గాని, అదనపు ఇన్‌వాయిస్‌ను జీఎస్టీ లెక్కలు సహించవు.

ఈ ఏర్పాటును పరీక్షించేటప్పుడు ఒకే సందేశాన్ని ఒకదాని తర్వాత ఒకటిగా పంపి చూడటం చాలదు, ఎందుకంటే ముందు అడిగి తర్వాత రాసే బలహీనమైన కోడ్ కూడా ఆ పరీక్షలో నెగ్గుతుంది. అదే సందేశాన్ని ఒకేసారి ఇరవై సమాంతర అభ్యర్థనలుగా పంపి నిల్వ ఒక్కటే తగ్గిందని చూడాలి. ఆపైన `COMMIT`కు ముందు ఒకసారి, `COMMIT`కూ 200కూ మధ్య ఒకసారి ప్రాసెస్‌ను బలవంతంగా ఆపి, మళ్లీ పంపినప్పుడు మొదటి సందర్భంలో ఆర్డరు మారిందనీ, రెండో సందర్భంలో ఏదీ కదలలేదనీ నిర్ధారించుకోవాలి.