ఐ.పి. తరువాత ఎవరి వాటా ఎంత?

శంషాబాద్ విమానాశ్రయానికి కార్లు తిప్పే సొంత వ్యాపారికి, అతని వ్యాపారానికి చట్టం దృష్టిలో తేడా లేదు గనుక, ట్రావెల్స్ పేరిట చేసిన అప్పు అతని ఇంటి ఆస్తి మీదికి కూడా వస్తుంది. అటువంటి వాడు ఐ.పి. పెడితే, అంటే తనను దివాలాదారుగా ప్రకటించమని కోర్టును కోరితే, నేటికీ వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. 2016 నాటి దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని, కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారి విషయంలో తప్ప, ఇంకా అమలులోకి తేలేదు.

ఒక ఉదాహరణ ఊహించుకుంటే వరుస తేటపడుతుంది. కారు మీద ఫైనాన్స్ ఇచ్చిన బ్యాంకుకు 9 లక్షలు రావాలి. కారు దానికి తాకట్టులో ఉన్నందువల్ల బ్యాంకు ఈ పంపకంతో నిమిత్తం లేకుండా దాన్ని అమ్ముకోవచ్చు. 6 లక్షలే వస్తే, మిగిలిన 3 లక్షలకు తాకట్టు లేని అప్పులవాళ్ల సరసన చేరుతుంది. కోర్టు నియమించిన రిసీవర్ మిగతా ఆస్తి అమ్మి 4 లక్షలు పోగుచేశాడనుకుంటే, అందులోంచి ముందు నిర్వహణ ఖర్చులు 20 వేలు, ఆపైన ప్రభుత్వానికీ స్థానిక సంస్థకూ ఉన్న 80 వేల బాకీ పోతాయి. ఈ బాకీతో సమానంగా 61వ సెక్షను పనివాళ్ల జీతానికీ చోటిచ్చింది కానీ, చట్టం మూలపాఠంలో దానికి పెట్టిన పరిమితి 20 రూపాయలు. 60 వేల జీతం రావలసిన డ్రైవరు ఆ 20 పోను మిగిలినదానికి టైర్ల కొట్టువాడి 2 లక్షల పక్కన, 6 లక్షల 40 వేల ప్రోనోట్ల పక్కన, బ్యాంకు 3 లక్షల పక్కన నిలబడవలసిందే. దాదాపు 12 లక్షల అప్పుకు మిగిలింది 3 లక్షలు కాబట్టి రూపాయికి పావలా చొప్పున డ్రైవరుకు వచ్చేది 15 వేలు. నెల జీతం మీద బతికేవాడిని వడ్డీకి అప్పిచ్చినవాడితో ఇలా ఒకే వరుసలో నిలపడం అన్యాయం. కొత్త స్మృతిలోని 178వ సెక్షను కార్మికుల 24 నెలల వేతనాన్ని తాకట్టు రుణదాతలతో సమానంగా, ప్రభుత్వ బాకీకన్నా పైన ఉంచింది. ఆ సెక్షనే ఈ వ్యాపారికి వర్తించడం లేదు.

పాత చట్టంలోనూ రిసీవర్ చేయగలిగింది ఒకటుంది. ఐ.పి. పెట్టడానికి ముందు మూడు నెలల్లో వ్యాపారి మిగతా అప్పులవాళ్లను పక్కనబెట్టి, తన బావమరిది ప్రోనోటు బాకీ లక్ష తీర్చాడని ఖాతా పుస్తకంలో కనిపిస్తే, 54వ సెక్షను కింద ఆ చెల్లింపును రద్దు చేయించవచ్చు. అయితే అది ఒత్తిడికి లొంగి ఇచ్చిందా, అతనికి మేలు చేయాలన్న ఉద్దేశంతోనే ఇచ్చిందా అన్నదాని మీద ఫలితం ఆధారపడుతుంది కాబట్టి, వసూలు నోటీసులు, చెల్లింపు తేదీలు ముందుగా చూడాలి. ఆ లక్ష వెనక్కి వస్తే బావమరిది కూడా లక్షకు అప్పులవాళ్లలో ఒకడవుతాడు. 13 లక్షలకు 4 లక్షలు పంచితే డ్రైవరు వాటా సుమారు 18,460 రూపాయలకు పెరుగుతుంది.