సగం వెడల్పులో దొరికే దొంగ

కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ లెక్క దిద్దేటప్పుడు నేను మొదటి వరుస నుంచి చదవను. చివరి రెండు అంకెలు చూసి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి సగం చేస్తాను. తప్పు ఎక్కడ జరిగిందో చాలాసార్లు ఆ సగమే చెప్పేస్తుంది.

మొన్న డిగ్రీ పిల్లలకు ఇచ్చిన లెక్క ఇది. 25 కిలోలని ముద్ర వేసిన బియ్యం బస్తాల్లో 16 తూచారు. సగటు 24.8 కిలోలు, స్టాండర్డ్ డీవియేషన్ 0.4. మొత్తం సరుకులో బస్తా సగటు బరువుకు 95 శాతం ఇంటర్వెల్ కావాలి. 0.4ను 16 వర్గమూలంతో, అంటే 4తో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ 0.1. డీవియేషన్ కూడా ఆ 16 బస్తాల్లోంచే వచ్చింది కాబట్టి టి పట్టికలో 15 దగ్గర చూడాలి. క్రిటికల్ వాల్యూ 2.131. ఇంటర్వెల్ 24.587 నుంచి 25.013.

ఒక పేపర్లో 24.604 నుంచి 24.996 అని ఉంది. సగం 0.196. దాన్ని 0.1తో భాగిస్తే 1.96. టి బదులు జడ్ వాడేశాడన్నమాట. చిన్న తేడానే, కానీ 25 బయటికి పోయింది. కింద 'మిల్లువాడు తూకంలో మోసం చేశాడు' అని తీర్పు కూడా రాసేశాడు! డబ్లిన్ గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన గోసెట్ 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో చెప్పింది ఈ సంగతే: చిన్న నమూనాతో అంత ధీమా పనికిరాదని.

ఇంకో పేపర్లో సగం 0.852. 0.1తో భాగిస్తే 8.52. టి పట్టికలో 15 దగ్గర అలాంటి విలువ ఉండదు. కానీ అది 2.131కి దాదాపు నాలుగు రెట్లు. వర్గమూలంతో భాగించడం మరిచి, డీవియేషన్‌నే ఎర్రర్ అనుకున్నాడు.

అంకెలన్నీ సరిపోయి, వాక్యం దగ్గర బోల్తా పడ్డవాళ్లు ఎక్కువ. 'నూటికి 95 బస్తాలు ఈ హద్దుల్లో ఉంటాయి' అని రాస్తారు. ఒక్కో బస్తా 0.4 అటూ ఇటూ ఊగుతుంటే, 0.213 హద్దులో పట్టేవి సుమారు నలభై శాతమే. ఆ తప్పును నేను వదలను. 'సగటు ఈ హద్దుల్లో ఉండే సంభావ్యత 95 శాతం' అనేదానికి మాత్రం ఏళ్ల తరబడి పూర్తి మార్కులు వేశాను. ఇప్పుడు అర మార్కు కోస్తున్నాను. 95 శాతం ఈ పద్ధతిది: ఇలాగే మళ్లీ మళ్లీ 16 బస్తాలు తూచి ఇంటర్వెల్ కడుతూ పోతే, నూటికి సుమారు 95 అసలు సగటును పట్టుకుంటాయి.

ఒకమ్మాయి పేపర్ పట్టుకుని వచ్చింది.

"మరి మన ఇంటర్వెల్‌లో సగటు ఉన్నట్టా, లేనట్టా సార్?"

"ఉంటే ఉంది, లేకపోతే లేదమ్మా. బస్తాలన్నీ తూస్తే గానీ తెలీదు."

"అది మీకూ తెలీనప్పుడు నాకు అర మార్కు ఎందుకు కోశారు సార్?"