ఆధారసూచిలో పేటెంటు, ప్రమాణం, శాసనం: పసుపు పేటెంటు నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
ఇంజనీరింగ్, న్యాయశాస్త్ర విద్యార్థులు తమ పరిశోధనల్లో పేటెంట్లను, ప్రమాణాలను, శాసనాలను తరచుగా ఉదహరిస్తారు. వీటిని కూడా పుస్తకాల మాదిరిగానే కర్త, శీర్షిక, సంవత్సరం అనే మూడు అంశాలతో సూచిలో నమోదు చేయడం పరిపాటి. ఈ పద్ధతి ఎక్కడ విఫలమవుతుందో పసుపు పేటెంటు ఉదంతం ఆధారంగా నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: ఆధారసూచి, పేటెంటు, పునఃపరిశీలన, ప్రమాణం, గెజెట్, పసుపు.

1. ఉపోద్ఘాతం:
నిజామాబాద్ జిల్లాలోని బాల్కొండ, ఆర్మూరు ప్రాంతాల్లో పసుపు ప్రధానమైన పంట. దెబ్బ తగిలినచోట పసుపు అద్దడం అక్కడ ప్రతి ఇంటికీ తెలిసిన వైద్యం. అదే వైద్యానికి అమెరికాలో ఒకప్పుడు పేటెంటు లభించింది, తరువాత రద్దయింది. ఆ రద్దుకు మూలం ఒక ఆధారసూచి. అందువల్ల సూచిలోని చిన్న వివరం ఎంత బరువు మోయగలదో తెలుసుకోవడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఈ ప్రాంత విద్యార్థికి దొరకదు.

2. పేటెంటు – ఒక సంఖ్య, రెండు పత్రాలు:
పసుపుతో గాయాలను మాన్పే పద్ధతిపై సుమన్ దాస్, హరిహర్ కోహ్లీ 1993 డిసెంబరు 28న అమెరికాలో దరఖాస్తు చేశారు. 1995 మార్చి 28న 5,401,504 సంఖ్యతో పేటెంటు మంజూరైంది. దాని హక్కుదారు మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం. ఇంజనీరింగ్ పత్రికలు ఎక్కువగా పాటించే ఐఈఈఈ పద్ధతిలో దీని నమోదు ఇలా ఉంటుంది:

```
S. K. Das and H. H. P. Cohly, "Use of turmeric in wound
healing," U.S. Patent 5 401 504, Mar. 28, 1995.
```

ఇందులో ఉన్నది మంజూరు తేదీ, దరఖాస్తు తేదీ కాదు. సూచిలో మంజూరు తేదీనే ఇవ్వాలి. అయితే ఒక విషయం అప్పటికే లోకానికి తెలుసా, లేదా అని చర్చించేటప్పుడు మంజూరు తేదీ పనికిరాదు. అక్కడ దరఖాస్తు తేదీని, అంతకు ముందరి కాలాన్ని చూడాలి. ఈ రెండింటినీ కలగాపులగం చేసిన వ్యాసంలో వాదం ఏడాదికి పైగా పక్కకు జరుగుతుంది.

నియమం ప్రకారం పై నమోదులో దోషం లేదు. కాని అది చెప్పవలసిన ముఖ్యమైన సంగతిని చెప్పదు. భారత వైజ్ఞానిక, పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో ఈ పేటెంటు పునఃపరిశీలన కోరింది. 1998 ఏప్రిల్ 21న వెలువడిన ధ్రువపత్రం పేటెంటులోని క్లెయిములన్నిటినీ రద్దు చేసింది. ఆ ధ్రువపత్రానికి వేరే పేటెంటు సంఖ్య లేదు. పాత సంఖ్యకే B1 అనే గుర్తు చేరింది. సంఖ్యను మాత్రమే రాసిన విద్యార్థి చచ్చిన హక్కును బతికున్న హక్కుగా చూపుతున్నాడు.

ఆ గుర్తును చదవడంలోనూ ఒక చిక్కుంది. 2001కి ముందు అమెరికా పత్రాలపై B1 అంటే మొదటి పునఃపరిశీలన ధ్రువపత్రం. 2001 జనవరి నుంచి అదే B1, ముందుగా దరఖాస్తు ప్రచురణ జరగకుండా మంజూరైన పేటెంటును సూచిస్తున్నది. పునఃపరిశీలనకు C1 వచ్చింది. అందుచేత గుర్తును తేదీతో కలిపి చదవాలి. నమోదు చివర ఈ వాక్యాన్ని చేర్చితే పాఠకుడు పొరబడే అవకాశం ఉండదు:

```
All claims canceled: Reexam. Cert. B1 5 401 504, Apr. 21, 1998.
```

3. శాసనం – ఏనాటి పాఠం?
పునఃపరిశీలనలో పరిషత్తు పక్షాన సమర్పించినవి 32 ఆధారాలు. వాటిలో ప్రాచీన సంస్కృత గ్రంథ భాగాలతోపాటు 1953లో భారతీయ వైద్య సంఘం పత్రికలో అచ్చయిన ఒక వ్యాసం కూడా ఉంది. లక్షల ఇళ్లలోని వాడుక ఉండగా అచ్చు ప్రతుల కోసం ఎందుకు వెతకవలసి వచ్చింది? సమాధానం నాటి అమెరికా పేటెంటు చట్టం 102వ సెక్షన్‌లో ఉంది. దాని ప్రకారం, ఇతరులకు తెలిసి ఉండటం లేదా ఇతరులు వాడటం అనేది అమెరికాలో జరిగితేనే లెక్క. విదేశాల విషయంలో పేటెంటు గాని, ముద్రిత ప్రచురణ గాని ఉండాలి. పునఃపరిశీలన ప్రక్రియ కూడా ఈ రెండు రకాల పత్రాలనే ఆధారంగా స్వీకరిస్తుంది. బాల్కొండ అవ్వ చేతివైద్యం సాక్ష్యం కాలేదు. తేదీ, పత్రిక పేరు, పుట తెలిసిన వ్యాసం సాక్ష్యమయింది.

2013 మార్చి 16 నుంచి అమలైన సవరణతో ఆ భౌగోళిక భేదం తొలగిపోయింది. నేటి 102వ సెక్షన్ పాఠాన్ని చూసి పసుపు కేసును విశ్లేషించే న్యాయ విద్యార్థికి 32 ఆధారాల అవసరమే అర్థం కాదు. సెక్షన్ సంఖ్య మారలేదు, లోపలి మాట మారింది. కాబట్టి శాసనాన్ని ఉదహరించేటప్పుడు సెక్షన్ సంఖ్యతోపాటు ఏ సంవత్సరపు పాఠమో, ఏ సవరణకు ముందుదో తెలపడం తప్పనిసరి.

4. ప్రమాణం, నోటిఫికేషన్:
ఇదే సమస్య ప్రమాణాల్లో వేరే రూపంలో కనిపిస్తుంది. పసుపు కొమ్ములకు, పొడికి భారతీయ ప్రమాణం IS 3576. అంతర్జాతీయ ప్రమాణం ISO 5562:1983. సంఖ్య తరువాతి సంవత్సరం ప్రమాణం పేరులో భాగం. పాత కూర్పు ప్రకారం పరీక్షలు చేసి, సంవత్సరం లేకుండా IS 3576 అని రాస్తే ఏ పరిమితులతో పోల్చారో పరీక్షకునికి తెలియదు. ముఖపత్రంపై కనిపించే పునర్ధ్రువీకరణ సంవత్సరాన్ని కూర్పు సంవత్సరంగా భావించడం మరొక పొరపాటు. పునర్ధ్రువీకరణ అంటే పాత పాఠమే కొనసాగుతున్నదని అర్థం. ఇక కర్త స్థానంలో వ్యక్తి పేరు ఉండదు, సంస్థ పేరే ఉంటుంది. అది కూడా కాలాన్ని బట్టి మారుతుంది: 1987 ఏప్రిల్‌కు ముందరి ప్రమాణాలకు భారతీయ ప్రమాణాల సంస్థ, తరువాతి వాటికి భారతీయ ప్రమాణాల బ్యూరో.

నిజామాబాద్ కేంద్రంగా ఏర్పడిన జాతీయ పసుపు బోర్డును ఉదహరించేటప్పుడూ ఈ జాగ్రత్త అవసరం. బోర్డు ఏర్పాటుకు కేంద్ర ప్రభుత్వం 2023 అక్టోబరు 4న నోటిఫికేషన్ ఇచ్చింది. బోర్డు ప్రారంభం 2025 జనవరి 14న జరిగింది. ప్రారంభోత్సవ వార్తను ఆధారంగా చూపితే స్థాపన తేదీ తప్పుతుంది. సుగంధద్రవ్యాల బోర్డుకు 1986 నాటి పార్లమెంటు చట్టం మూలం కాగా, పసుపు బోర్డుకు మూలం ప్రభుత్వ నోటిఫికేషన్. సూచిలో దాన్ని చట్టాల కింద చేర్చితే దాని అధికార స్వరూపాన్నే తప్పుగా చెప్పినట్లవుతుంది.

5. ముగింపు:
పుస్తకం అచ్చయిన నాటి పాఠంతో నిలిచిపోతుంది. పేటెంటు రద్దవుతుంది, ప్రమాణం కూర్పు మారుతుంది, శాసనం సవరణకు లోనవుతుంది. అందువల్ల ఈ మూడింటి నమోదులో గుర్తింపు సంఖ్యతోపాటు ఏ నాటి పాఠమో, ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నదో కూడా చేరాలి. శైలి నియమావళులు మొదటి రెండింటినే అడుగుతాయి. మూడవది పరిశోధకుడే చేర్చుకోవాలి. తెలుగులో వైద్యగ్రంథాలను, జానపద వైద్యాన్ని పరిశోధించేవారికీ ఇందులో ఒక హెచ్చరిక ఉంది. పసుపు కేసులో నిలబడినవి తేదీ, చోటు తెలిసిన ప్రతులు. ప్రచురణ సంవత్సరం, పుట సంఖ్య వదిలేసిన సూచి, రేపటి వివాదంలో ఒక మందు మనదని చెప్పగల సాక్ష్యాన్ని చేతులారా పోగొడుతుంది.