మూడు మాత్రల స్ట్రిప్పు, లీటరు నీళ్లు

ప్రయాణికుల విరేచనాలు అన్న మాటను వైద్యశాస్త్రం ఒక నిర్దిష్టమైన అర్థంలో వాడుతుంది. నీరు, వంట, పారిశుధ్యం తీరు వేరుగా ఉన్న చోటికి వెళ్లిన మనిషికి, అక్కడ ఉండగా గాని తిరిగివచ్చిన కొద్ది రోజుల్లో గాని, ఇరవైనాలుగు గంటల్లో మూడు లేదా అంతకు మించి పలచని విరేచనాలై, వాటికి కడుపునొప్పి, వాంతి, జ్వరం, ఆపుకోలేని తొందర వంటి వాటిలో కనీసం ఒకటి తోడైతే దానికి ఆ పేరు పెడతారు. ఈ నిర్వచనంలో పుట్టిన ఊరి ప్రస్తావన లేదు, నివసించే ఊరిదే లెక్క. అందుచేత కరీంనగర్‌లో పుట్టి పెరిగి పదేళ్లుగా అమెరికాలో ఉంటూ సంక్రాంతికి ఇంటికి వచ్చిన వ్యక్తి కూడా, కడుపు విషయంలో మాత్రం, పరాయి దేశపు యాత్రికుడే అవుతాడు. చిన్ననాడు చెరువు నీళ్లు తాగి అరిగించుకున్నామన్న ధీమా అతనికి ఉండవచ్చు గాని, ఈ.కోలై వంటి బ్యాక్టీరియాలోని స్థానిక రకాలకు పేగు సంపాదించుకున్న రక్షణ కొన్నేళ్ల ఎడబాటులో పలచబడిపోతుంది. పైగా బంధువుల ఇంట పెట్టినదాన్ని వద్దనలేని మొహమాటం హోటల్లో దిగిన విదేశీయునికి ఉండదు, ఇతనికి ఉంటుంది.

ఇటువంటి యాత్రికుని దారి ఉత్తర తెలంగాణలో దాదాపు తెలిసినదే: వేములవాడ రాజన్న దర్శనం, కొండగట్టు, వీలైతే బాసర, పుష్య అమావాస్యకు సెలవు కలిసివస్తే ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు జరిపే నాగోబా జాతర. దారి పొడవునా ఐసు వేసిన చెరుకు రసం, కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు, బండి మీది చట్నీ ఎదురవుతాయి. మూడో రోజున కడుపు కదిలితే ఇంట్లోవాళ్లు వీధి చివరి మెడికల్ షాపుకు మనిషిని పంపుతారు. అక్కడినుంచి సాధారణంగా వచ్చేది ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర, లేదా మూడు మాత్రల అజిత్రోమైసిన్ స్ట్రిప్పు. ఓఆర్ఎస్ పొట్లం అడిగితేనే వస్తుంది.

ఓఆర్ఎస్ మీద చిన్నచూపుకు కారణం లేకపోలేదు: అది విరేచనాలను ఆపదు. మందు వేసుకుంటే మోషన్లు ఆగాలి అనుకునేవారు రెండు గ్లాసులు తాగి, ఆగలేదు గనుక పనిచేయలేదని మానేస్తారు. దాని పని వేరు. రోగాన్ని కలిగించే ఈ.కోలై విషం పేగు గోడనుంచి నీటిని, లవణాలను బయటికి పారేటట్లు చేస్తుంది గాని, అదే గోడలో గ్లూకోజును, సోడియాన్ని జతగా లోపలికి లాగే ద్వారాన్ని చెడగొట్టలేదు. ఒక గ్లూకోజు అణువుకు రెండు సోడియం అయాన్ల చొప్పున ఆ ద్వారం గుండా పోతే, వాటి వెంట నీరూ పోతుంది. బయటికి పోయేది పోతూనే ఉన్నా, లోపలికి వచ్చేది దానికి దీటుగా ఉంటే మనిషి నిలబడతాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బోన్‌గావ్ శిబిరంలో కలరా వ్యాపించి, ఎక్కించడానికి సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ బృందం ఈ సూత్రాన్నే నమ్మి డ్రమ్ముల్లో ఉప్పు, గ్లూకోజు కలిపి తాగించింది. సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం కంటే తక్కువకు దిగాయి. విరేచనమైన ప్రతివానికీ సెలైన్ ఎక్కించడమే వైద్యమనుకునే మన పల్లెల్లో ఈ సంగతి ఇంకా చేరవలసినంత చేరలేదు.

అయితే ఆ ద్వారం తెరుచుకోవాలంటే పాళ్లు సరిగ్గా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన సూత్రం ప్రకారం లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు, మొత్తం 20.5 గ్రాములు. అంగడిలో దొరికే పెద్ద పొట్లం లీటరుకు, చిన్న పొట్లం 200 మిల్లీలీటర్లకు ఉద్దేశించినవి. ఇళ్లలో తరచు జరిగే పొరపాటు పెద్ద పొట్లాన్ని ఒక్క గ్లాసు నీటిలో ఒంపడం. అప్పుడు ద్రావణం ఐదింతలు చిక్కనై, పేగులోకి నీరు పోవడానికి బదులు ఒంట్లోని నీరే పేగులోకి లాగబడుతుంది. ఉప్పు కశం వల్ల వాంతి వస్తుంది. చిన్నపిల్లలకైతే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు. కనిపెట్టడం కష్టం కాదు: సరిగ్గా కలిపిన ఓఆర్ఎస్ కన్నీటికంటే ఉప్పగా ఉండదు. పొట్లం దొరకని చోట లీటరు నీటికి కొసరు లేకుండా గీసి కొలిచిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపవచ్చు. ఉప్పు వేసిన గంజి, మజ్జిగ, ఆదిలాబాద్ పల్లెల్లో జొన్న అంబలి, ఇవన్నీ తోడుగా పనికివస్తాయి. కూల్‌డ్రింకు పనికిరాదు, ఎందుకంటే దానిలో లీటరుకు సుమారు నూరు గ్రాముల చక్కెర ఉంటుంది, ఉప్పు దాదాపు ఉండదు. ఇదే దోషమున్న తీపి పానీయాలు ఏళ్ల తరబడి అట్టపెట్టె మీద ఓఆర్ఎస్ అని వేసుకొని మెడికల్ షాపుల్లోనే అమ్ముడుపోయాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ పట్టు వదలక పోరాడిన తరువాత, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

ఇక అజిత్రోమైసిన్ ఎప్పుడు అన్న ప్రశ్నకు, ఎన్నిసార్లు అయ్యిందన్న లెక్క ఒక్కటే జవాబు చెప్పదు. అంతర్జాతీయ ప్రయాణ వైద్య సంఘం 2017లో వెలువరించిన మార్గదర్శకాలు తీవ్రతను రోగి పనిని బట్టి కొలుస్తాయి: అనుకున్న పనులు సాగుతుంటే స్వల్పం, ఇబ్బంది పెడుతూ పనులకు అడ్డువస్తే మధ్యస్థం, పనులు పూర్తిగా ఆగిపోతే తీవ్రం. మలంలో రక్తం ఉంటే మాత్రం, మనిషి లేచి తిరుగుతున్నా, అది తీవ్రమే. స్వల్పానికి యాంటీబయాటిక్ వద్దు. తీవ్రానికి ఇవ్వాలి, అందులోనూ అజిత్రోమైసిన్‌కే మొదటి స్థానం. మధ్యస్థంలో ఇవ్వవచ్చు, ఇవ్వకపోనూవచ్చు. తగవంతా ఈ నడిమి గదిలోనే ఉంది.

ఒక ఊహా రోగిని తీసుకొని చూస్తే ఇది తేటపడుతుంది. నలభై ఏళ్ల మనిషి, ఇతర జబ్బులు లేవు, విదేశంనుంచి కరీంనగర్ చేరి నాలుగు రోజులైంది, నిన్న వేములవాడ వెళ్లివచ్చాడు. తెల్లవారుజామునుంచి మధ్యాహ్నానికి ఐదు నీళ్ల విరేచనాలు, ఒక వాంతి. జ్వరం లేదు, రక్తం లేదు, కుర్చీలో కూర్చొని మాట్లాడుతున్నాడు, మూత్రం వస్తున్నది. ఐదు అన్న అంకె ఇంట్లోవాళ్లను భయపెడుతుంది గాని, ఇక్కడ ఓఆర్ఎస్ చాలు. ప్రతి విరేచనం తరువాత ఒక పెద్ద గ్లాసు, వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచాలతో మొదలుపెట్టి, ఆకలైనప్పుడు పెరుగన్నం. మరునాడు తప్పనిసరి ప్రయాణం ఉంటే లోపెరమైడ్, అంటే పేగు కదలికను నెమ్మదింపజేసే మాత్ర, మొదట రెండు, తరువాత విరేచనానికొకటి, రోజుకు నాలుగుకు మించకుండా వేసుకోవచ్చు. ఇటువంటి జబ్బు చాలామందిలో మూడు నుంచి ఐదు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. యాంటీబయాటిక్ ఆ కాలాన్ని ఒకటి రెండు రోజులు కుదిస్తుంది, అంతే. నోరోవైరస్ వంటి వైరస్ కారణమైతే ఆ మేలు కూడా లేదు.

అదే మనిషికి ఆ రాత్రి 102 డిగ్రీల జ్వరం వచ్చి, విరేచనం కొద్దికొద్దిగా జిగటతో, నెత్తురు చారతో, కడుపు మెలిపెడుతూ అయితే చిత్రం మారిపోతుంది. ఇది పేగు గోడలోకి చొచ్చుకుపోయే షిగెల్లా, క్యాంపిలోబాక్టర్ వంటి వాటి పని. లోపెరమైడ్ ఇక్కడ ఆపివేయాలి. అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి చొప్పున మూడు రోజులు, లేదా ఒకేసారి 1000 మిల్లీగ్రాములు ఇస్తారు. ఒకేసారి ఇస్తే కొందరికి వికారం ఎక్కువవుతుంది గనుక, అప్పటికే వాంతి అవుతున్నవారికి మొదటి పద్ధతే నయం. సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ వర్గాన్ని పక్కన పెట్టడానికి కారణం, దక్షిణాసియాలో ఈ రెండు బ్యాక్టీరియాలూ వాటికి చాలావరకు లొంగకపోవడం. జోడు మాత్రలోని ఆర్నిడజోల్ అమీబా, గియార్డియాల మందు, మొదటి మూడు రోజుల జబ్బులో వాటి వాటా స్వల్పం. మెడికల్ షాపు జోడు మాత్ర అందుకే రెండు వైపులా గురి తప్పుతుంది. గుండె లయ తప్పే జబ్బు ఉన్నవారికి, దానికి మందులు వాడేవారికి అజిత్రోమైసిన్ కూడా వైద్యుడు చూసిన తరువాతే.

మధ్యస్థ స్థితిలో, రక్తమూ జ్వరమూ లేనప్పుడు, ఒక రోజు ఆగి చూడడమే మేలనడానికి గట్టి ఆధారం ఉంది. ఫిన్లాండ్ యాత్రికుల మీద జరిగి 2015లో వెలువడిన అధ్యయనంలో, దక్షిణాసియాకు వెళ్లివచ్చినవారిలో అనేక యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియాను పేగులో మోసుకువచ్చినవారు, విరేచనాలు కానివారిలో 23 శాతం, విరేచనాలై మందు వేసుకోనివారిలో 47 శాతం, యాంటీబయాటిక్ కూడా వేసుకున్నవారిలో 80 శాతం. ఆ బ్యాక్టీరియా వెంటనే జబ్బు చేయకపోవచ్చు గాని, తరువాతి నెలల్లో మూత్రనాళంలో చీము పడితే మామూలు మందులు పనిచేయని చిక్కు తెస్తుంది. మరునాడు విమానం ఎక్కవలసినవాడు, వృద్ధుడు, రోగనిరోధక శక్తి తగ్గినవాడు అయితే ఈ తూకం మందు వైపు మొగ్గవచ్చు.

ఆదిలాబాద్ ఏజెన్సీ ఊళ్లలో తిరిగివచ్చినవారి విషయంలో మరో జాగ్రత్త అవసరం. అక్కడ మలేరియా కూడా జ్వరం, వాంతులు, విరేచనాలతో కనబడవచ్చు గనుక, జ్వరమున్న ప్రయాణికునికి అజిత్రోమైసిన్ ఇచ్చి ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించాలి. ఆ పరీక్షకు పట్టేది పావుగంట. టైఫాయిడ్ అయితే మూడు మాత్రలు దాన్ని నయం చేయవు, తాత్కాలికంగా కప్పిపెడతాయి. వానాకాలంలో ఒకే బావి నీరు తాగిన అనేకులకు గంజినీళ్లలాంటి విరేచనాలు ధారగా అవుతుంటే అది కలరా కావచ్చు, అక్కడ గంటల్లోనే మనిషి కుంగిపోతాడు. ఆరేడు గంటలు మూత్రం రాకపోవడం, నిలబడితే కళ్లు తిరగడం, నీళ్లు గుక్కెడు కూడా నిలవకపోవడం కనబడితే పొట్లాలతో, మాత్రలతో కాలయాపన చేయక దగ్గరి ఆస్పత్రికో ఆదిలాబాద్ రిమ్స్‌కో తీసుకువెళ్లాలి, దారిలోనూ ఓఆర్ఎస్ తాగిస్తూనే ఉండాలి.

తిరిగి విదేశం చేరిన తరువాత రెండు వారాలు దాటినా పలచగానే అవుతుంటే గియార్డియా వంటి పరాన్నజీవులను వెతకాలి, అందుకు మల పరీక్ష కావాలి గాని మరో అజిత్రోమైసిన్ స్ట్రిప్పు కాదు. అక్కడి వైద్యునికి చెప్పవలసినవి కొన్నే: ఏ తేదీన మొదలైంది, జ్వరం వచ్చిందా, ఏ మాత్ర ఎన్ని రోజులు వేసుకున్నారు. మూడో ప్రశ్నకు జవాబు కోసం, ఖాళీ అయినా సరే, స్ట్రిప్పును పారేయకుండా వెంట తీసుకుపోవడం మంచిది.