చెల్లెలి పెళ్లికి ప్రత్యామ్నాయ తేదీలు

ఆదివారం పొద్దున మా మేనకోడలు లాల్‌దర్వాజాలో మా ఇంటికొచ్చి ఒక కాగితం చేతిలో పెట్టింది. "మామయ్యా, నువ్వు ఎప్పుడూ చెప్పే పద్ధతిలోనే రాశాను, ఒకసారి చూడు" అంది. సెలవు ఇవ్వలేమని తన కింద పనిచేసే ఒకాయనకు రాసిన ఉత్తరం అది.

చదివి సంతోషపడ్డాను. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టు తెలుసు. సెలవు కాదనేవాళ్లు నోటిమాటతో పంపేయకూడదు, కాగితం మీద రాయాలి. కారణం చెప్పాలి, ఎప్పుడు తీసుకోవచ్చో తేదీలతో సహా చెప్పాలి. "పని అయ్యాక చూద్దాం" అన్నది తేదీ కాదు. ఆమె ఉత్తరంలో అన్నీ ఉన్నాయి. "నవంబరు 14 నుంచి 22 వరకు మీరు కోరిన సెలవును ప్రాజెక్టు కీలక దశలో ఉన్నందున మంజూరు చేయలేకపోతున్నాం. డిసెంబరు 1 నుంచి 9 వరకు అదే తొమ్మిది రోజులు తీసుకోవచ్చు" అని మర్యాదగా, సూటిగా ఉంది. ఒక్క అక్షరం మార్చాల్సిన పనిలేదని చెప్పబోయి, మాటవరసకు అడిగాను. "ఆయనకు సెలవు ఎందుకట?"

"చెల్లెలి పెళ్లి" అంది.

కాగితం బల్ల మీద పెట్టేశాను.

1994లో నేను పాతబస్తీలోనే ఒక ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో గుమాస్తాను. ఆ ఏడు కార్తీక బహుళ పంచమికి మా నాన్నగారి సంవత్సరీకం. ఇంటికి పెద్దకొడుకును, కర్తను నేనే. నెల ముందే మూడు రోజుల సెలవుకు అర్జీ పెట్టాను. అదే వారంలో పై ఆఫీసు నుంచి తనిఖీ ఉంది. మా సూపరింటెండెంటు మంచి మనిషి, నా మేలు కోరినవాడు. నన్ను పిలిపించి కూర్చోబెట్టి, "ఇప్పుడు కుదరదయ్యా. తనిఖీ అవగానే మూడు కాదు, పది రోజులు పోయిరా" అన్నాడు. అర్జీ మీద ఆ పది రోజుల తేదీలు తన చేత్తోనే రాశాడు. ఆయన లెక్కలో అది ఔదార్యమే. నేను కూడా తల ఊపి వచ్చేశాను.

సంవత్సరీకం తమ్ముడు పెట్టాడు. ఆ పంచమి నాడు నేను సర్వీసు రిజిస్టర్లలో ఇంక్రిమెంట్ల పద్దులు సరిచూస్తూ కూర్చున్నాను. ఏ రిజిస్టరులో ఏ పేజీ తీశానో ఇప్పటికీ గుర్తుంది. తనిఖీ అయ్యాక ఇచ్చిన పది రోజులకూ సూర్యాపేట దగ్గరి మా ఊరికి వెళ్లాను. చుట్టాలంతా వెళ్లిపోయారు. నాన్న కూర్చునే అరుగు కడిగి ముగ్గు వేసిన గుర్తులు చెరిగిపోయి ఉన్నాయి. దూలానికి చెక్కిన దర్భలు ఎండి పసుపు రంగుకు తిరిగాయి. అమ్మ అన్నం పెడుతూ ఒక్కటే మాట అంది, "తిథి ఆగదు కదరా" అని. ఆ పది రోజుల్లో నాకు చేయడానికి ఏమీ లేదు. నాలుగో రోజే తిరిగొచ్చి డ్యూటీలో చేరాను.

ఆ తర్వాత సూపరింటెండెంటునయ్యి, ఎందరికో సెలవులు కాదంటూ ఉత్తరాలు రాశాను. ప్రతి ఉత్తరంలోనూ ప్రత్యామ్నాయ తేదీలు ఇచ్చాను, ఇచ్చినందుకు గర్వపడ్డాను కూడా. సెలవు హక్కుగా అడిగేది కాదని, ప్రభుత్వ పనికి అవసరమైతే కాదనే అధికారం మంజూరు చేసే అధికారికి ఉందని ఫండమెంటల్ రూల్ 67 చెబుతుంది. ఆ అధికారం ఉన్నవాడు బదులుగా వేరే తేదీలు ఇస్తున్నాడంటే అంతకన్నా న్యాయం ఏముంటుంది అనుకునేవాణ్ని. మా మేనకోడలు "చెల్లెలి పెళ్లి" అన్న క్షణం దాకా అలాగే అనుకున్నాను. నవంబరులో జరిగే పెళ్లికి డిసెంబరు ఒకటి ఎలా ప్రత్యామ్నాయం అవుతుంది?

"అమ్మాయ్, నీ కీలక దశ ఏమిటో వివరంగా చెప్పు" అన్నాను.

శాలిబండలో ఆమె పనిచేసే చిన్న సంస్థ పాత రిజిస్టర్లను స్కాన్ చేసి, ఇండెక్స్ వేసి ఇచ్చే కాంట్రాక్టు తీసుకుంది. నిజాం కాలపు ఉర్దూ రిజిస్టర్లవి. సెలవు అడిగినాయన పని వాటి శీర్షికలు, మొహల్లా పేరు, ఫసలీ సంవత్సరం చదివి కంప్యూటర్‌లో ఎక్కించడం. చేతిరాత ఉర్దూ చదవగలవాడు ఆ ఆఫీసులో ఆయనొక్కడే. ఇది సులువైన పని కాదు. ఉర్దూ అంకెల్లో రెండుకూ మూడుకూ తేడా తలమీద ఒక్క పంటి గీతే. సిరా చెదిరిన చోట 1352 ఫసలీ 1353 అయిపోతుంది. ఫసలీకి 590 కలిపితే ఇంచుమించు మన సంవత్సరం వస్తుంది కాబట్టి, అక్కడ జరిగిన పొరపాటు ఒక ఇంటి కాగితాన్ని ఏడాది పక్కకు జరిపేస్తుంది. తర్వాత వెతుక్కునేవాడికి అది దొరకదు. అందుచేత ఆయన లేకుండా ఇంకెవరినో కూర్చోబెట్టి నడిపిద్దామంటే కుదరదు. అంతవరకు మా అమ్మాయి మాట నిజమే.

అయితే "కీలక దశ" అన్నది కారణం కాదు, కారణానికి కప్పిన దుప్పటి. దుప్పటి తీసి లెక్క వేద్దామన్నాను. క్యాలెండరు, పెన్సిలు తీసుకుని ఇద్దరం కూర్చున్నాం.

మిగిలిన రిజిస్టర్లు 180. ఆయన రోజుకు 12 పూర్తి చేస్తాడు. అంటే 15 రోజుల పని. అప్పగించాల్సిన తేదీ 28, శుక్రవారం. సోమవారం 3 నుంచి గురువారం 27 దాకా మూడు ఆదివారాలు తీసేస్తే 22 పనిదినాలు. ఆయన అడిగిన తొమ్మిది రోజుల్లో ఒకటి ఆదివారం, కాబట్టి పోయేవి ఎనిమిది. మిగిలేవి 14 రోజులు, 168 రిజిస్టర్లు. తక్కువపడేవి పన్నెండు.

"ఒక్క రోజు పనా!" అంది మా అమ్మాయి. తొమ్మిది రోజులు కాదన్న ఉత్తరం కింద నిజంగా ఉన్నది ఒక్క రోజు పని. వెంటనే తనే గుర్తుచేసుకుంది, "కాదు మామయ్యా, 21న తనిఖీ కూడా ఉంది". కాంట్రాక్టు ఇచ్చిన ఆఫీసు వాళ్లు ఆ శుక్రవారం పొద్దున వచ్చి, అక్కడొకటి ఇక్కడొకటి రిజిస్టరు తీసి ఇండెక్సుతో సరిచూస్తారు. జవాబు చెప్పగలవాడు ఆయనే. ఆ రోజు రిజిస్టర్లు కదలవు.

ఇక పెళ్లి సంగతి. ఫోను చేసి ఆయన్నే అడగమన్నాను. ఆయన వివరంగా చెప్పాడట. 15న మంజే, 17న సాంచక్, 18న నికాహ్, 20న వలీమా. 21 శుక్రవారం మొదటి జుమ్మాగీ, కూతురూ అల్లుడూ పుట్టింటికి భోజనానికొస్తారు. మొదటి నాలుగూ కదలవు. ఫంక్షన్ హాలు ఎప్పుడో బుక్కయింది, రుక్ఖాలు పంచేశారు. వరుడి వాళ్లు సాంచక్ పట్టుకొచ్చినప్పుడు గుమ్మం దగ్గర నిలబడాల్సింది వధువు అన్నే. జుమ్మాగీ మాత్రం రాత్రి భోజనం.

"శుక్రవారం పొద్దున నేను ఆఫీసులో ఉంటాను మేడమ్, ఇరవై రెండున కూడా వస్తాను" అన్నాడట. మరి ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఫారంలో నుంచి, వరకు అని రెండే గడులు ఉన్నాయి కదా" అన్నాడట.

ఆ మాట నన్ను చాలాసేపు వదల్లేదు. ముప్పై ఏళ్లు ఆ రెండు గడుల ఫారాన్నే నేను పంచిపెట్టాను. 1994లో నా అర్జీలోనూ ఆ రెండే ఉన్నాయి. మూడు రోజుల్లో నాకు నిజంగా కావాల్సింది పంచమి ఒక్క రోజని నేను రాయలేదు, మా సూపరింటెండెంటు అడగలేదు. రాత్రి బస్సెక్కి వెళ్లి, తిథి ముగించుకుని మర్నాడు పొద్దున తనిఖీకి కూర్చునేవాణ్ని.

లెక్క మళ్లీ వేశాం. 14 నుంచి 20 వరకు సెలవు ఇస్తే పోయే పనిదినాలు ఆరు. మిగిలేవి పదహారు. 21 తనిఖీకి పోతే పదిహేను. పదిహేను పన్నెండ్లు 180. సరిగ్గా సరిపోయింది, ఒక్క రోజు కూడా మిగల్లేదు. కాబట్టి 21, 22 కాదనడంలో అన్యాయం లేదు. ఆ రెండింటికీ వేరే తేదీలు ఇవ్వవచ్చు, ఎందుకంటే అవి కదిలే రోజులు. ఉత్తరం కొత్తగా రాశాం.

"మీ చెల్లెలి పెళ్లికి మీరు కోరిన సెలవులో నవంబరు 14 నుంచి 20 వరకు మంజూరు చేశాం. 21న తనిఖీలో ఉర్దూ శీర్షికల గురించి జవాబు చెప్పగలవారు మీరొక్కరే. 28 లోపు 180 రిజిస్టర్లు పూర్తి కావాలంటే 22న కూడా మీరు పనిలో ఉండాలి. అందుచేత ఈ రెండు రోజులు ఇవ్వలేకపోతున్నాం. 21న సాయంత్రం 4 గంటలకు మీరు వెళ్లిపోవచ్చు. ఈ రెండు రోజులకు బదులు నవంబరు 29, డిసెంబరు 1 ఇస్తున్నాం. మధ్యలో ఆదివారం కలుస్తుంది. ఈ తేదీలు మీకు కుదరకపోతే మీకు వీలైనవి నవంబరు 10లోగా రాసివ్వండి. కాదన్న రెండు రోజులూ మీ ఖాతాలోనే ఉంటాయి, మురిగిపోవు."

చివరి వాక్యం నేనే పట్టుబట్టి రాయించాను. అడిగి తీసుకోలేకపోయిన సెలవుకు కాగితం ఉంటే దానికి విలువ ఉంటుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 79వ సెక్షన్ కింద మామూలుగా మిగిలిన సెలవు 30 రోజులకు మించి తర్వాతి ఏడాదికి వెళ్లేది కాదు. సక్రమంగా అర్జీ పెట్టుకున్నా అన్యాయంగా నిరాకరించిన సెలవుకు మాత్రం ఆ పరిమితి ఉండేది కాదు. ఈ సంస్థ ఫ్యాక్టరీ కాదు. అయినా ఆ న్యాయం ఎక్కడైనా న్యాయమే.

ప్రత్యామ్నాయ తేదీలు ఇచ్చేటప్పుడు మా పాతబస్తీలో ఇంకో జాగ్రత్త కావాలి. ఇక్కడ గోడకు ఒక్క క్యాలెండరు చాలదు. హిజ్రీ ఏడాది మన ఏడాదికన్నా దాదాపు 11 రోజులు చిన్నది కాబట్టి పోయినేటి రంజాన్ తేదీ చూసి ఈ ఏడాదికి రాస్తే తప్పుతుంది. పండగ రోజు నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది కనుక అక్కడ తేదీకి బదులు "ఈద్ రోజు, మర్నాడు" అని రాయాలి. ఆషాఢంలో బోనాలుంటాయి, పెళ్లిళ్లుండవు. ఎవరి ఇంట్లో ఏ క్యాలెండరు నడుస్తుందో చూసి మరీ తేదీ రాయాలి.

వారం వారం "కాదన్నప్పుడు వేరే తేదీలు ఇవ్వండి" అని ఇక్కడ రాస్తూ వచ్చాను. ఆ మాట అలాగే ఉంచి, దానికి ముందు ఇంకొకటి చేర్చుకుంటున్నాను. ముందు లెక్క వేయండి, ఏ రోజులు కదలవో అడగండి. లెక్క వేశాక కాదనాల్సిన రోజులు మిగిలితేనే ఉత్తరం రాయండి. ఆఫీసులు, దుకాణాలు, కార్ఖానాలు నడిపే పాఠకులకు నాదొక విన్నపం. మీ సెలవు ఫారంలో "నుంచి", "వరకు" పక్కన మూడో గడి ఒకటి గీయించండి. దాని మీద "కదలని రోజులు" అని రాయించండి.