గీతలో మొదటి మిల్లీమీటరు

స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ పుస్తకం ఏది తెరిచినా మైల్డ్ స్టీలు స్ట్రెస్-స్ట్రెయిన్ బొమ్మ దాదాపు ఒకేలా కనిపిస్తుంది. ఎడమవైపు నిటారుగా ఎక్కే సరళరేఖ, దాని కొనన చిన్న గూను, కొంత దూరం చదును, ఆపైన మెల్లగా లేచి చివర్లో కిందికి వంగే వంపు. ఆ సరళరేఖ బొమ్మ వెడల్పులో పావువంతు దాకా ఉంటుంది. విద్యార్థులు ఈ పాఠంలో తడబడటానికి ఆ పావువంతే కారణమని నా గట్టి నమ్మకం. బొమ్మ అర్థం కావాలని గీసినవారు ఎడమ భాగాన్ని సాగదీశారు. నిజమైన కొలతతో గీస్తే, 20 సెంటీమీటర్ల అడ్డగీత మీద ఆ సరళరేఖకు దక్కేది ఒక్క మిల్లీమీటరు కూడా కాదు.

లెక్క వేసి చూద్దాం. 16 మి.మీ. వ్యాసం ఉన్న మైల్డ్ స్టీలు కడ్డీ తీసుకోండి. అడ్డుకోత వైశాల్యం 201 చదరపు మిల్లీమీటర్లు. వ్యాసానికి ఐదు రెట్లు, అంటే 80 మి.మీ. గేజ్ పొడవు కొలిచి, రెండు చివర్లా పంచ్‌తో గుర్తు పెడతాం. కడ్డీని యూటీఎం దవడల్లో బిగించి నెమ్మదిగా లాగితే, ఈ రకం కడ్డీ 55 కిలోన్యూటన్ల దగ్గర లొంగుతుందనుకుందాం. 55,000ను 201తో భాగిస్తే స్ట్రెస్ 274 మెగాపాస్కల్స్ దాకా వస్తుంది. ఇంటర్ తెలుగు మీడియంలో చదివినవారికి ఇదే ప్రతిబలం. ఆ క్షణంలో స్ట్రెయిన్, అంటే వికృతి, 0.0014. కడ్డీ తెగేసరికి 80 మి.మీ. కాస్తా 104 అయిందంటే స్ట్రెయిన్ 0.30. అడ్డగీత మీద 0.30కి 20 సెంటీమీటర్లు ఇస్తే 0.0014కి వచ్చేది 0.9 మి.మీ. పెన్సిల్ గీత మందం కంటే కాస్త ఎక్కువ, అంతే.

ఎలాస్టిక్ మాడ్యులస్ మొత్తం ఆ సందులోనే ఉంది. టఫ్‌నెస్ దాదాపు అంతా మిగిలిన 19.9 సెంటీమీటర్లలో ఉంది. ఈ రెండూ ఒకే గీతలో దొరుకుతాయి కాబట్టి ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని పిల్లలు అనుకుంటారు. నిజానికి అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

మొదట మాడ్యులస్ సంగతి. అంత సన్నని సందులో వాలు కొలవాలంటే యూటీఎం మీద ఉండే స్కేలు పనికిరాదు, కడ్డీకే తగిలించే ఎక్స్‌టెన్సోమీటర్ కావాలి. 10 కిలోన్యూటన్ల దగ్గర సాగుదల 0.022 మి.మీ., 40 దగ్గర 0.082 మి.మీ. చూపించిందనుకోండి. రెండింటి మధ్య తేడా తీసుకుంటే 30 కిలోన్యూటన్లకు 0.060 మి.మీ. స్ట్రెస్‌లో పెరుగుదల 149 మెగాపాస్కల్స్, స్ట్రెయిన్‌లో పెరుగుదల 0.00075. భాగిస్తే 199 గిగాపాస్కల్స్. మొదటి రీడింగును సున్నాతో జతచేసి లెక్కకట్టకుండా తేడాలే ఎందుకు తీసుకున్నామంటే, బిగింపులోని వదులు తొలి రీడింగులో కలిసిపోయి ఉంటుంది. తేడాలో అది కొట్టుకుపోతుంది.

ఎక్స్‌టెన్సోమీటర్ లేకుండా యంత్రపు క్రాస్‌హెడ్ ఎంత కదిలిందో చూసి మాడ్యులస్ రాసిన రికార్డులు నేను తరచూ చూస్తుంటాను. దవడల మధ్య 300 మి.మీ. కడ్డీ ఉంటే, 40 కిలోన్యూటన్లకు అది సాగాల్సింది 0.3 మి.మీ. క్రాస్‌హెడ్ మాత్రం 2 మి.మీ. కదిలి ఉండొచ్చు. దవడల పళ్లు కడ్డీలోకి దిగబడటం, యంత్రపు చట్రం కాస్త వంగడం, అక్కడక్కడా వదులు బిగుసుకోవడం, అన్నీ అందులో కలుస్తాయి. దాంతో లెక్కిస్తే వచ్చేది 30 గిగాపాస్కల్స్. స్టీలుకు 30 వచ్చిందంటే లోపం స్టీలులో లేదు, కొలతలో ఉంది. మామూలు స్టీళ్లన్నిటికీ ఈ విలువ 200 చుట్టుపక్కలే ఉంటుంది. ఇనుము పరమాణువుల మధ్య బంధం ఎంత గట్టిదో చెప్పే సంఖ్య అది. కాస్త కార్బన్ కలిపినా, కాల్చి నీళ్లలో ముంచినా ఆ బంధం పెద్దగా మారదు.

ఇక్కడొక ప్రశ్న పరీక్షల్లో బాగా పనికొస్తుంది. అదే 16 మి.మీ. కడ్డీ స్థానంలో ఇల్లు కట్టేచోట వాడే ఎఫ్ఈ 500 రకం టీఎంటీ కడ్డీ పెడితే, 40 కిలోన్యూటన్లకు సాగుదల తగ్గుతుందా? తగ్గదు. రెండూ 80 మి.మీ.కి 0.08 మి.మీ. సాగుతాయి. టీఎంటీ గొప్పదనమల్లా ఆ సరళరేఖ మీద ఇంకా పైదాకా వెళ్లగలగడమే, వాలు మాత్రం అదే. కుంగుదల ఎక్కువగా ఉన్న స్టీలు దూలానికి అదే కొలతల్లో ఇంకా బలమైన స్టీలు వేస్తే కుంగుదల తగ్గకపోవడానికి కారణం ఇదే.

యీల్డ్ పాయింట్ దగ్గరికి వద్దాం. ముల్లు తిరిగే పాత యూటీఎం మీద దీన్ని చూసినవారు మర్చిపోలేరు. స్థిరంగా ఎక్కుతున్న ముల్లు ఒక్కసారి ఆగి కాస్త వెనక్కి జారుతుంది. దాన్ని తోసుకుంటూ వెళ్లే రెండో ముల్లు మాత్రం చేరిన ఎత్తు దగ్గరే నిలిచిపోతుంది. అది అప్పర్ యీల్డ్ పాయింట్, జారి ఆగినది లోయర్. కడ్డీ మీద మిల్లులో పట్టిన నల్ల పొర అలాగే ఉంటే, అప్పుడు అది పెచ్చులు పెచ్చులుగా రాలడం కంటికి కనిపిస్తుంది. ఎందుకిలా జరుగుతుందో 1949లో కాట్రెల్, బిల్బీ వివరించారు. లోహంలో పరమాణువుల వరుసలు తప్పిన చోట్లను డిస్‌లొకేషన్లు అంటారు. శాశ్వతంగా సాగడమంటే ఇవి కదలడమే. మైల్డ్ స్టీలులోని కార్బన్, నైట్రోజన్ పరమాణువులు వీటి చుట్టూ చేరి కదలనివ్వవు. విడిపించుకోవడానికి ఎక్కువ స్ట్రెస్ కావాలి, విడిపోయాక తక్కువ సరిపోతుంది. గూను, దాని వెనక జారుడు అందుకే. విడిపోవడం కూడా కడ్డీ అంతటా ఒకేసారి జరగదు. ఒక చోట మొదలై పట్టీలుగా పాకుతుంది. ఆ పట్టీలు గేజ్ పొడవంతా నిండేదాకా గీత చదునుగానే ఉంటుంది. అప్పర్ పాయింట్ ఎంత అనేది లాగే వేగం మీద, కడ్డీ ఎంత నిటారుగా బిగించారన్నదాని మీద బాగా ఆధారపడుతుంది. హడావిడిగా లాగి ఎక్కువ విలువ వచ్చిందని సంతోషించడానికి లేదు.

చదును దాటాక కడ్డీ మళ్లీ బలం పుంజుకుంటుంది. ఇక్కడ లోడు తీసేస్తే గీత వచ్చిన దారిన వెనక్కి రాదు, మొదటి సరళరేఖకు సమాంతరంగా దిగుతుంది. 5 శాతం దాకా లాగి వదిలితే తిరిగి వచ్చేది 0.2 శాతం కూడా ఉండదు, మిగతాదంతా శాశ్వతం. వెంటనే మళ్లీ లాగితే అదే గీత పట్టుకుని పైకెళ్లి, ఇంతకుముందు వదిలిన ఎత్తు దగ్గర లొంగుతుంది. టీఎంటీకి ముందు మన కాంక్రీటు పనుల్లో వాడిన టార్ కడ్డీలకు చల్లగా మెలిపెట్టి బలం తెచ్చింది ఈ గుణంతోనే. అయితే మెలిపెట్టిన కడ్డీకి గూనూ ఉండదు, చదునూ ఉండదు. ఎక్కడ లొంగిందో ఎలా చెప్పాలి? అడ్డగీత మీద 0.002 దగ్గర నుంచి మొదటి వాలుకు సమాంతరంగా గీత గీస్తాం. అది వంపును ఎక్కడ తాకుతుందో అదే 0.2 శాతం ప్రూఫ్ స్ట్రెస్. ఇది ఒప్పందం ప్రకారం పెట్టుకున్న బిందువు. అల్యూమినియానికీ ఇదే పద్ధతి.

మన కడ్డీ 86 కిలోన్యూటన్ల దాకా ఎక్కిందనుకుందాం, అంటే 428 మెగాపాస్కల్స్. ఆపైన ఒక చోట నడుము సన్నబడి, 62 కిలోన్యూటన్లకే తెగింది. స్ట్రెస్ 308కి పడిపోయినట్టు గీత చూపిస్తుంది. లోహం బలహీనపడిందని రాస్తే తప్పు. మనం ఇంకా మొదటి వైశాల్యంతోనే భాగిస్తున్నాం. తెగినచోట వ్యాసం 10 మి.మీ. ఉంటే అసలు వైశాల్యం 78.5, అక్కడి స్ట్రెస్ 790 మెగాపాస్కల్స్. లోహం చివరిదాకా గట్టిపడుతూనే ఉంది.

ఇక టఫ్‌నెస్. గీత కింది వైశాల్యమే అది: తెగేలోపు ఘనపరిమాణానికింత అని కడ్డీ మింగిన శక్తి. మైల్డ్ స్టీలు లాంటి సాగే లోహానికి, యీల్డ్, అల్టిమేట్ స్ట్రెస్‌ల సగటును తెగినప్పటి స్ట్రెయిన్‌తో గుణిస్తే ఉజ్జాయింపుగా వస్తుంది. 274, 428ల సగటు 351. దాన్ని 0.30తో గుణిస్తే ఘనమీటరుకు 105 మెగాజౌళ్లు. యీల్డ్ వరకే లెక్కిస్తే వచ్చేది రెజిలియెన్స్:

```
u = σy² / (2E) = 274² / (2 × 200000) ≈ 0.19 MJ/m³
```

ఒకటి 0.19, ఇంకొకటి 105. ఐదు వందల రెట్లకు పైగా తేడా. భూకంపంలో కట్టడం కూలకుండా ఆపేది ఈ రెండో సంఖ్యే. కడ్డీ లొంగి, వంగి, శక్తిని మింగుతూ నిలబడాలి. బూడిదరంగు పోత ఇనుము 200 మెగాపాస్కల్స్ మోసినా, ఒక శాతం లోపు స్ట్రెయిన్‌కే తెగుతుంది. దాని వైశాల్యం ఒకటీ రెండు మెగాజౌళ్లు దాటదు. బలంలో మైల్డ్ స్టీలుకు సగం దాకా వస్తుంది, టఫ్‌నెస్‌లో వందో వంతు దగ్గరే ఆగిపోతుంది.

ఈ వైశాల్యానికి ఒక హద్దు ఉంది. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో షెనెక్టడీ అనే కొత్త టాంకరు ఓడ రేవులో కట్టేసి ఉండగానే, నీళ్లు నిశ్చలంగా ఉన్న చలి రాత్రి, దాదాపు రెండుగా పగిలింది. వెల్డింగుతో కట్టిన ఆనాటి ఓడల స్టీలు మామూలు టెన్షన్ పరీక్షలో చక్కగా సాగేదే. చలిలో, ఏదో గాటు దగ్గర, అదే స్టీలు సాగకుండా పగులుతుంది. మనం లెక్కగట్టిన 105 అనే సంఖ్య నునుపైన కడ్డీకి, గది ఉష్ణోగ్రతలో, నెమ్మదిగా లాగినప్పటిది. గాటు, చలి, దెబ్బ ఉన్నచోట కడ్డీలో గాటు పెట్టి సుత్తితో కొట్టే చార్పీ పరీక్ష కావాలి.

పరీక్షలో టఫ్‌నెస్ గురించి అడిగితే గీత కింది వైశాల్యమని రాసి, యూనిట్ ఘనమీటరుకు జౌళ్లు అని తప్పక పెట్టండి. దాని పక్కనే, ఇది నెమ్మదిగా లాగిన గాటు లేని కడ్డీ విలువ అని ఒక వాక్యం చేర్చండి. బొమ్మ గీసినప్పుడు కింద ‘కొలత ప్రకారం కాదు’ అని రాయడం మరవకండి.